బ్లెండ్ షేప్స్‌తో ముఖ కవళికలు: రబ్బరులా సాగకుండా ఎలా చెయ్యాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ అన్నిటికీ ఒకే ఉదాహరణ పట్టుకుని నడుస్తాను: ఒక పాత్ర నవ్వుతుంది, నవ్వుతూనే నోరు తెరుస్తుంది. రబ్బరు ముఖానికి కారణమయ్యే తప్పుల్లో ముక్కాలువంతు ఈ ఒక్క కదలికలోనే దొరుకుతాయి. నేను వాడేది బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్, అందుకే మెనూ పేర్లు దానివే ఇచ్చాను. బ్లెండ్ షేప్ అంటే అదే ముఖాన్ని ఇంకో ఆకారంలో చెక్కి దాచుకోవడం, స్లైడర్ జరిపితే మామూలు ముఖం ఆ ఆకారంలోకి మారుతుంది. బ్లెండర్‌లో వీటిని షేప్ కీ అంటారు, గేమ్ ఇంజిన్ల వైపు మార్ఫ్ టార్గెట్ అంటారు. వస్తువు ఒక్కటే.

"రబ్బరులా ఉంది" అంటారు కదా, సరిగ్గా ఏం చూసి అంటారు?

నా మొదటి పాత్రను చూపించినప్పుడు అవతలివాళ్లు అన్న మాట అదే. ఆపి ఒక్కో ఫ్రేమ్ చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. ఆడిస్తే మాత్రం ముఖం బెలూన్‌కి అంటించిన బొమ్మలా ఉంది. ఎక్కడ తేడా కొడుతోందో నాకు చాలా రోజులు అంతుపట్టలేదు.

తర్వాత తెలిసింది ఇది. మన చర్మం కింద ఎముక ఉంది, పళ్లు ఉన్నాయి, కొవ్వు ఉంది. కండరం లాగినప్పుడు చర్మం ఎముక మీద జారుతుంది, ఒకచోట పోగవుతుంది, ఇంకోచోట బిగుసుకుంటుంది, కొన్నిచోట్ల అసలు కదలదు. రబ్బరు షీటు అలా కాదు. ఒక మూల పట్టుకుని లాగితే అంతా సమంగా సాగుతుంది, సాగిన కొద్దీ పల్చబడుతుంది. చూసేవాడికి ఈ లెక్క తెలియకపోయినా కన్ను పట్టేస్తుంది. కాబట్టి వెతకాల్సినవి మూడే: చర్మం పోగవ్వాల్సిన చోట సాగుతోందా, పెదవి మందం కరిగిపోతోందా, ఎముక మీద గుండ్రంగా జారాల్సినది గీత గీసినట్టు తిన్నగా పోతోందా.

బ్లెండ్ షేప్ లోపల అసలు జరిగేది ఏమిటి?

చాలా సులువైన కూడిక, తిప్పలన్నీ అందులోనే ఉన్నాయి. ముఖం మెష్‌లోని ఒక్కో బిందువుని వర్టెక్స్ అంటాం. మామూలు ముఖంలో ఒక వర్టెక్స్ ఉన్న చోటు `b`, నవ్విన ముఖంలో అదే వర్టెక్స్ ఉన్న చోటు `t1`, నోరు తెరిచిన ముఖంలో `t2` అనుకోండి.

```
v = b + w1*(t1 - b) + w2*(t2 - b)
```

బ్రాకెట్లలో ఉన్న తేడాని డెల్టా అంటాం. `w1`, `w2` మీరు స్లైడర్‌తో తిప్పే విలువలు. ఈ ఒక్క వరుసలోంచే రెండు సంగతులు బయటపడతాయి. ఒకటి, ఏ వర్టెక్స్ అయినా మొదలు నుంచి చివరికి తిన్నగా వెళుతుంది, వంపు తిరగడం దానికి తెలియదు. రెండు, రెండు షేప్‌లు కలిస్తే డెల్టాలు గుడ్డిగా కూడిపోతాయి. నవ్వు ఇప్పటికే పెదవిని పల్చన చేసిందని దవడ షేప్‌కి తెలియదు, అది కూడా తన వంతు పల్చన చేస్తుంది. కింద చెప్పబోయే చిట్కాల్లో చాలావరకు ఈ రెంటిలో ఏదో ఒకదానికి మందే.

ఎన్ని షేప్‌లు చెయ్యాలి? "సంతోషం", "కోపం" అని చేస్తే సరిపోదా?

సరిపోదు. "సంతోషం" అని ఒకే షేప్‌లో పెదవులు, బుగ్గలు, కళ్లు, కనుబొమ్మలు అన్నీ కుక్కేస్తే అవన్నీ ఒకేసారి మొదలై ఒకేసారి ఆగుతాయి. రబ్బరు ముసుగు చేసే పని అదే. పైగా సంతోషానికి ఆశ్చర్యం కలిపితే కనుబొమ్మలు రెండుసార్లు లేస్తాయి.

భావాన్ని కాకుండా కండరాన్ని పట్టుకుని షేప్ చెయ్యాలి. పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ 1978లో ప్రచురించిన ఫేషియల్ యాక్షన్ కోడింగ్ సిస్టమ్, పొట్టిగా ఫ్యాక్స్ అనే పద్ధతి, ముఖ కదలికలను ఇలాగే చిన్న చిన్న యూనిట్లుగా విడగొట్టింది. అందులో 12వ యూనిట్ పెదవి మూలను పైకి, పక్కకు లాగుతుంది. 6వ యూనిట్ బుగ్గను లేపి కంటి చుట్టూ ముడత తెస్తుంది. మనస్ఫూర్తిగా నవ్వే నవ్వులో సాధారణంగా రెండూ ఉంటాయి, మొహమాటపు నవ్వులో చాలాసార్లు 12 ఒక్కటే ఉంటుంది. ఈ రెంటినీ విడివిడిగా ఉంచుకుంటే ఒకే రిగ్‌తో రెండు రకాల నవ్వులూ వస్తాయి.

ఫోన్‌తో ముఖాన్ని ట్రాక్ చేసి ఆడించాలనుకుంటే యాపిల్ ఏఆర్‌కిట్ వాడే 52 పేర్ల జాబితా సిద్ధంగా ఉంది: `jawOpen`, `mouthSmileLeft`, `cheekSquintLeft` వగైరా. పేర్లు అక్షరం తప్పకుండా పెట్టండి. మీ సొంత సినిమా కోసమైతే అన్నీ అక్కర్లేదు, ముప్పైతో కూడా మంచి ముఖం వస్తుంది.

నవ్వు షేప్ చెక్కేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుంది?

దాదాపు అందరం చేసే పని ఒకటుంది. గ్రాబ్ బ్రష్ పెద్దది చేసి, పెదవి మూల పట్టుకుని పైకి లాగుతాం. బ్రష్ అంచుల్లో మెత్తగా తగ్గిపోతుంది కాబట్టి బుగ్గ అంతా గుండ్రంగా, సమంగా సాగుతుంది. చూడ్డానికి నునుపుగా ఉంటుంది, మురిసిపోతాం. రబ్బరు పుట్టేది సరిగ్గా అక్కడే.

నవ్వినప్పుడు అద్దంలో మీ ముఖం చూసుకోండి. ముక్కు పక్క నుంచి పెదవి మూల దాకా దిగే ముడత ఒకటి ఉంటుంది కదా, అదే సరిహద్దు. ఆ ముడతకి కింద, అంటే పెదవి వైపు, చర్మం పళ్ల మీద బిగుసుకుని పల్చగా పరుచుకుంటుంది. ముడతకి పైన, అంటే బుగ్గ వైపు, పైకి వచ్చిన చర్మమూ కొవ్వూ వెళ్లడానికి చోటు లేక ముందుకు ఉబ్బుతాయి. కింది కనురెప్ప దాకా ఆ ఒత్తిడి పోతుంది. పక్కపక్కనే ఉన్న రెండు చోట్ల రెండు వ్యతిరేక పనులు జరుగుతున్నాయన్నమాట. ఒకే మెత్తటి బ్రష్‌తో లాగితే ఈ తేడా చెరిగిపోతుంది.

అందుకని నేను ఇలా చేస్తాను. ముందు పెదవి మూలను ఒక్కదాన్నే చోటు మారుస్తాను, పక్కకు, పైకి, దాంతోపాటు వెనక్కి కూడా. ఆ వెనక్కి అన్నది మర్చిపోకండి. పళ్ల వరుస గుండ్రంగా ఉంటుంది, మూల పక్కకు పోతే ఆ గుండ్రం వెంట వెనక్కి కూడా పోవాలి, లేకపోతే నవ్వు గాలిలో తేలుతుంది. తర్వాత బుగ్గను విడిగా ఉబ్బిస్తాను. ఆ రెంటి మధ్య ముడతను చివర్లో పదునుగా నొక్కుతాను. ముక్కు దూలం, చెవి ముందు భాగం, చెంప ఎముక పైభాగం కదిలాయేమో చూసి, కదిలితే వెనక్కి తెస్తాను. ఇవి కదలకుండా ఉంటేనే కింద ఎముక ఉందని చూసేవాడు నమ్ముతాడు.

ఇంకో మాట. ఈ ముడత వెంట సాగే మెష్ గీతల వరుస, అంటే ఒక ఎడ్జ్ లూప్, లేకపోతే ఎంత చెక్కినా రాదు. మెష్‌లో గీతలు ముడతను అడ్డంగా కోసుకుంటూ పోతే ముడత మెట్లమెట్లుగా వస్తుంది. షేప్‌లు మొదలుపెట్టక ముందే అది చూసుకోవాలి, తర్వాత టోపాలజీని, అంటే మెష్ గీతల అమరికను మార్చడం అంటే చేసిన పని చాలావరకు మళ్లీ చేసుకోవడమే.

సాగిందో పోగైందో కంటితో తెలియట్లేదు. ఏదైనా పరీక్ష ఉందా?

ఉంది, అయిదు నిమిషాల పని. ముఖానికి చదరంగం గళ్ల టెక్స్చర్ వెయ్యండి, గళ్లు చిన్నవిగా. నవ్వు స్లైడర్ 0 నుంచి 1కి నెమ్మదిగా జరపండి. కింది కనురెప్పకీ పెదవి మూలకీ మధ్య గళ్లు నిలువుగా నొక్కుకుని చిన్నవవ్వాలి. పెదవి పక్కన గళ్లు అడ్డంగా సాగాలి. బుగ్గ మీద గళ్లు అన్నీ పెద్దవవుతుంటే చర్మం ఎక్కడి నుంచి పుట్టుకొస్తోందో మీరే ఆలోచించండి, అది రబ్బరే. పెద్దవైన గళ్ల చోట నవ్వు షేప్‌ని మళ్లీ తెరిచి, వర్టెక్స్‌లను చర్మం మీదే జార్చాలి. సిల్హౌట్ మారకుండా గళ్లు మాత్రమే సర్దుకోవాలి. స్కల్ప్ట్ మోడ్‌లో ఉన్న `Slide Relax` బ్రష్ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

ఎడమ, కుడి వైపులు విడదీసేటప్పుడు మధ్యలో గీత పడుతోంది. ఎందుకు?

నవ్వు మొత్తంగా చెక్కి, తర్వాత రెండుగా విడగొట్టడమే మంచిది. ఎడమ వైపుకి ఒక వర్టెక్స్ గ్రూప్ చెయ్యండి. ఎడమ అంతా 1, కుడి అంతా 0, మధ్యలో పెదవుల దగ్గర ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల వెడల్పులో మెత్తగా మారాలి. కుడి గ్రూప్ విలువ ప్రతి చోటా 1 లోంచి ఎడమ విలువ తీసేసినంత ఉండాలి. రెండూ కలిపితే కచ్చితంగా 1 రాకపోతేనే ఆ గీత వస్తుంది. తేలిగ్గా పట్టుకోవాలంటే రెండు స్లైడర్లూ 1కి పెట్టి, అసలు నవ్వుతో మార్చి మార్చి చూడండి. ఏ వర్టెక్స్ కదిలినా లెక్క తప్పినట్టే.

నవ్వు విడిగా బాగుంది, నోరు తెరవడం విడిగా బాగుంది. రెండూ కలిపితే ముఖం పాడవుతోంది. ఏం చెయ్యాలి?

మనం మొదట్లో అనుకున్న ఉదాహరణ ఇదే. నిజమైన కొలతల్లో చేసిన ఒక తల మీద, ఎడమ పెదవి మూల దగ్గర ఒక్క వర్టెక్స్ లెక్క చూద్దాం.

నవ్వు షేప్ దాన్ని 7 మిల్లీమీటర్లు బయటికి, 6 పైకి, 4 వెనక్కి తీసుకెళుతుంది. నోరు తెరిచే షేప్ అదే వర్టెక్స్‌ను 4 లోపలికి, 9 కిందికి, 3 వెనక్కి లాగుతుంది. రెండూ నిండుగా పెడితే కూడిక 3 బయటికి, 3 కిందికి, 7 వెనక్కి. బయటికీ కిందికీ వచ్చిన అంకెలు కాస్త అటూ ఇటూగా పర్లేదు. ఆ 7 వెనక్కి చూడండి. మూల పళ్ల వరుసలోకి, బుగ్గ లోపలికి దిగిపోయింది. నోటి మూల ఎవరో దారం కట్టి లోపలికి లాగినట్టు కనిపించేది ఇందుకే. పై పెదవిది కూడా ఇదే కథ. నవ్వు 2 మిల్లీమీటర్ల మందం తగ్గించింది, దవడ ఇంకో 2 తగ్గించింది, 8 మిల్లీమీటర్ల పెదవి సగమైపోయింది. కాగితం అంచులా ఉంటుంది.

దీనికి మందు కరెక్టివ్ షేప్. రెండూ కలిసినప్పుడు మాత్రమే లేచి తప్పును సరిచేసే మూడో షేప్ అన్నమాట. మన వర్టెక్స్‌కి నేను కోరుకునేది 4 బయటికి, 1 కిందికి, 4 వెనక్కి అనుకుంటే, కరెక్టివ్ డెల్టా 1 బయటికి, 2 పైకి, 3 ముందుకు. మిగతా వర్టెక్స్‌లకు ఈ లెక్క చేతితో చెయ్యక్కర్లేదు, చెక్కితే చాలు.

బ్లెండర్‌లో `smile`, `jawOpen` రెండూ 1కి పెట్టి, షేప్ కీ జాబితా పక్కన ఉన్న మెనూలో `New Shape from Mix` నొక్కండి. కొత్త కీకి `smileJaw_fix` అని పేరు పెట్టండి. పిన్ గుర్తు నొక్కి అదొక్కటే కనబడేలా చేసుకుని, ముఖం ఎలా ఉండాలో అలా చెక్కండి. మూలను ముందుకు తెచ్చి, పై పెదవికి మందం తిరిగిచ్చి, దవడ లాగేసిన బుగ్గ ముడతను మళ్లీ నొక్కాలి. గళ్ల టెక్స్చర్ ఇక్కడ కూడా వేసుకోండి.

ఇప్పుడు ఆ కీలో నవ్వు, దవడ, మీ సవరణ మూడూ కలిసి ఉన్నాయి. అలాగే వాడితే నవ్వు రెండుసార్లు పడుతుంది. మొదటి రెండూ తీసేసి సవరణను మాత్రమే మిగల్చాలి. ఆబ్జెక్ట్ మోడ్‌లోకి వచ్చి, ముఖాన్ని సెలెక్ట్ చేసి ఇది నడపండి:

```python
import bpy
kb = bpy.context.object.data.shape_keys.key_blocks
b = kb["Basis"].data
c = kb["smileJaw_fix"].data
parts = [kb["smile"].data, kb["jawOpen"].data]
for i in range(len(b)):
    for p in parts:
        c[i].co -= p[i].co - b[i].co
```

ఒక్కసారే నడపండి. రెండోసారి నడిపితే రెండోసారి తీసేస్తుంది, ముఖం లోపలికి తిరగబడుతుంది. నేను ఒక సాయంత్రమంతా ఆ తప్పు ఎక్కడుందా అని వెతికాను, కాబట్టి ముందు ఫైల్ సేవ్ చేసుకోండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఇలా తెలుసుకోవచ్చు. పిన్ తీసేసి మూడు కీలూ 1కి పెడితే మీరు చెక్కిన ముఖం అచ్చంగా అలాగే రావాలి. `smileJaw_fix` ఒక్కటే 1కి పెడితే మూసిన నోటి దగ్గర చిన్న చిన్న ఉబ్బులతో వింతగా ఉండాలి. ఒంటరిగా పెట్టినా అందంగా నవ్వుతోందంటే తీసివేత జరగలేదని అర్థం.

చివరి పని డ్రైవర్, అంటే ఒక కీ విలువను వేరే విలువల నుంచి దానంతటదే లెక్కకట్టే సూత్రం. కరెక్టివ్ విలువ మీద రైట్ క్లిక్ చేసి డ్రైవర్ వేసి, `smile`, `jaw` అనే రెండు వేరియబుల్స్‌ను ఆ రెండు కీల విలువలకు కలిపి, ఎక్స్‌ప్రెషన్‌లో ఇది రాయండి:

```
smile * jaw
```

నవ్వును ఎడమ, కుడిగా విడగొట్టి ఉంటే కరెక్టివ్‌ను కూడా అవే వర్టెక్స్ గ్రూపులతో విడగొట్టి, ఏ వైపు కరెక్టివ్‌కి ఆ వైపు నవ్వునే దవడతో గుణించాలి. లేదంటే ఒక పక్కకే నవ్వినప్పుడు రెండో మూల కూడా కదులుతుంది.

గుణించడం ఎందుకు? రెంటిలో తక్కువది తీసుకుంటే కాదా?

`min(smile, jaw)` రాసినా పనిచేస్తుంది, కానీ రెండు విలువలు ఒకదాన్నొకటి దాటే క్షణంలో కరెక్టివ్ చటుక్కున దిశ మారుస్తుంది. ఆడించినప్పుడు పెదవి మూల దగ్గర చిన్న కుదుపు కనిపిస్తుంది. గుణకారంలో ఆ కుదుపు ఉండదు. ఏ ఒక్కటి 0 అయినా కరెక్టివ్ పూర్తిగా మాయమవుతుంది, రెండూ 1 అయితే పూర్తిగా వస్తుంది. రెండూ సగం ఉంటే పావు వంతే వస్తుంది. మన వర్టెక్స్ అప్పుడు 3.5 వెనక్కి వెళ్లాల్సింది 2.75 వెళుతుంది, సగం కదలికలో అది చాలు. మీ పాత్రకి సగంలో చాలడం లేదనిపిస్తే సగం దగ్గరికే ఇంకో చిన్న సవరణ చెక్కాలి తప్ప, గుణకారాన్ని వంకర సూత్రాలతో సాగదీయకండి.

రెప్ప వేసేటప్పుడు కనుగుడ్డు బయటికి పొడుచుకొస్తోంది. చివర్లో బాగానే ఉంది, మధ్యలోనే.

వర్టెక్స్ తిన్నగా పోతుందన్న మొదటి సంగతి ఇదే. పెద్దవాళ్ల కనుగుడ్డు వ్యాసం సుమారు 24 మిల్లీమీటర్లు, అంటే వ్యాసార్ధం 12. తెరిచిన కంటి ఎత్తు 10 మిల్లీమీటర్లు అనుకుంటే పై రెప్ప అంచు ఆ గోళం మీద దాదాపు 48 డిగ్రీలు తిరగాలి. బ్లెండ్ షేప్ తిప్పదు, మొదటి చోటు నుంచి చివరి చోటుకి గోళంలోంచి అడ్డంగా కోసుకుంటూ పోతుంది. సరిగ్గా సగంలో ఆ లోతు 12 × (1 − cos 24°), అంటే సుమారు 1 మిల్లీమీటరు. రెప్ప అంచు అంత లోపలికి దిగింది కాబట్టి కనుగుడ్డు బయటికొచ్చింది.

రెప్ప షేప్ 0.5 దగ్గర పెట్టి, రెప్పను గుడ్డు మీదికి తెచ్చే సవరణ చెక్కండి. ఇది సగంలో నిండుగా, రెండు చివర్లలో సున్నాగా ఉండాలి. `v` అంటే రెప్ప విలువ అనుకుంటే డ్రైవర్ ఇది:

```
4*v*(1-v)
```

త్రికోణంలా పెరిగి తగ్గే సూత్రాలు చాలామంది వాడతారు గానీ నాకు ఇదే నచ్చుతుంది. ఒక చాపానికీ దాన్ని కోసే గీతకీ మధ్య దూరం దాదాపు ఇలాగే పెరిగి తగ్గుతుంది. తీసివేత మాత్రం గుర్తుపెట్టుకోండి: సగం దగ్గర చెక్కారు కాబట్టి రెప్ప డెల్టాలో సగమే తీసెయ్యాలి. పై స్క్రిప్ట్‌లో కీల పేర్లు మార్చి, `parts`లో రెప్ప కీ ఒక్కటే ఉంచి, చివరి వరుసలో తేడాను బ్రాకెట్లలో పెట్టి 0.5తో గుణిస్తే చాలు. మాయా సాఫ్ట్‌వేర్‌లో అయితే ఇన్-బిట్వీన్ టార్గెట్ అని ఇదే పనికి విడిగా ఏర్పాటు ఉంది.

దవడకి బోన్ పెట్టాలా, షేప్ పెట్టాలా?

మీ చేతిలో ఉంటే బోన్, అంటే మెష్‌ను కీలు చుట్టూ తిప్పే ఎముక. దవడ చెవి ముందున్న కీలు చుట్టూ తిరుగుతుంది. కీలు నుంచి గడ్డం 100 మిల్లీమీటర్ల దూరం, 25 డిగ్రీలు తెరిచారు అనుకుంటే, షేప్ కీతో సగంలో గడ్డం కీలు వైపు 2 మిల్లీమీటర్లకు పైగా దగ్గరవుతుంది. మాట్లాడినంతసేపూ దవడ ఎముక కుంచించుకుని సాగుతున్నట్టు ఉంటుంది. బోన్ పెట్టి, పెదవుల ఆకారాన్ని బోన్ తిరిగిన కోణంతో నడిచే కరెక్టివ్‌లతో సరిచేస్తే ఆ గొడవ ఉండదు.

ఫోన్ ట్రాకింగ్ కోసం `jawOpen` షేప్‌గానే కావాలంటే చెయ్యండి, కానీ రెప్పకి చేసినట్టే సగంలో ఒక సవరణ వెయ్యండి.

అదే ఏఆర్‌కిట్ జాబితాలో `mouthClose` దగ్గర చాలామంది బోల్తాపడతారు. అది మూసిన నోటిని ఇంకా మూసే షేప్ కాదు. దవడ తెరిచి ఉన్నప్పుడు పెదవులను కలిపేది. కాబట్టి `jawOpen` 1 ఉంచి పెదవులు కలిపేలా చెక్కి, తర్వాత `jawOpen` తీసెయ్యాలి. మామూలు ముఖం మీద చెక్కితే పెదవులు ఒకదాన్లోంచి ఒకటి దూరిపోతాయి.

షేప్‌లన్నీ సరిచేశాను. అయినా ఆడిస్తే రబ్బరే. ఇంకేం మిగిలింది?

టైమింగ్. నవ్వు, బుగ్గ, కన్ను అన్నిటి కీలూ ఒకే ఫ్రేమ్‌లో మొదలై ఒకే ఫ్రేమ్‌లో ముగుస్తున్నాయేమో చూడండి. సెకనుకి 24 ఫ్రేముల్లో నేను సాధారణంగా ఒక మూలను రెండో మూల కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందు కదిలిస్తాను, బుగ్గ ఎత్తడం ఇంకో రెండు మూడు ఫ్రేముల తర్వాత మొదలవుతుంది. రెండు వైపులా చివరి విలువ కూడా ఒకటే ఉండక్కర్లేదు, 0.85 ఒక పక్క, 0.75 రెండో పక్క పెట్టి చూడండి.

రెండో అనుమానితుడు ఓవర్‌షూట్. శరీరం కదలికలకి అలవాటుపడ్డవాళ్లు నవ్వు 1.15 దాకా పోయి వెనక్కి వచ్చి ఊగి ఆగేలా కర్వ్ గీస్తారు. చేతికి, జడకి అది అందం. చర్మానికి అదే స్ప్రింగు. 1 దాటితే ఎముక అడ్డు ఉన్నచోట కూడా వర్టెక్స్ అదే గీత మీద ముందుకు పోతూనే ఉంటుంది. నవ్వు పైకి వెళ్లి, కొంచెం తగ్గి నిలవడం వేరు, అది నిజంగానే జరుగుతుంది. ఊగడం మాత్రం వద్దు.

రెప్పపాటు విషయానికొస్తే, మూయడం వేగంగా, తెరవడం నిదానంగా ఉండాలి. రెండు మూడు ఫ్రేముల్లో మూసి, ఒక ఫ్రేమ్ ఉంచి, నాలుగైదు ఫ్రేముల్లో తెరవండి.

బ్లెండర్‌లో బాగున్న ముడతలు గేమ్ ఇంజిన్‌లో కనబడట్లేదు.

వర్టెక్స్ కదిలింది గానీ దాని నార్మల్, అంటే అక్కడ ఉపరితలం ఎటు చూస్తోందో చెప్పే దిశ, మారలేదు, అందుకే వెలుగు పాత ముఖం మీద పడినట్టే పడుతోంది. గేమ్ ఇంజిన్‌కి పంపే జీఎల్‌టీఎఫ్ ఫైల్ ఎగుమతిలో షేప్ కీల కింద నార్మల్స్ పెట్టె టిక్ చేసి ఉందో చూడండి. ఒకవేళ షేప్ కీలే రాకపోతే `Apply Modifiers` టిక్ తీసెయ్యండి, అది ఉంటే షేప్ కీలు ఎగుమతి కావు.

వేరే ఫైల్లో చెక్కిన తల తెచ్చి షేప్‌గా కలిపితే ముఖం ముక్కలైపోయింది.

వర్టెక్స్ వరుస మారింది. లెక్క ఒకటే ఉన్నా వరుస మారితే ముక్కు వర్టెక్స్ చెవికి పోతుంది. ఆ తలను మళ్లీ మొదటి ఫైల్ నుంచే ఎగుమతి చేసి, వరుస కదపని సెట్టింగులతో మళ్లీ తెచ్చుకోవడం ఉత్తమం.

ఇలా ప్రతి జతకీ కరెక్టివ్ చేస్తూ పోతే ఎక్కడ ఆగాలి?

50 షేప్‌లుంటే జతలు 1225. అన్నీ చెయ్యడానికి ఎవరికీ ఓపిక ఉండదు, అవసరమూ లేదు. ఒకే చర్మం మీద పనిచేసే జతలే గొడవ చేస్తాయి. కనుబొమ్మ, దవడ ఎప్పుడూ కొట్టుకోవు. నేను వరుసగా చూసేవి: నవ్వు–దవడ, నవ్వు–పెదవులు ముందుకు చాచడం, నవ్వు–పై పెదవి ఎత్తడం, బుగ్గ ఎత్తడం–రెప్ప మూయడం, కనుబొమ్మల లోపలి చివర ఎత్తడం–కనుబొమ్మలు దగ్గరకు లాగడం. ఈ అయిదింటికీ ఎడమ, కుడి కలిపి పది కరెక్టివ్‌లు. తర్వాత పాత్ర చెప్పాల్సిన డైలాగులు తీసుకుని ఆడించి చూస్తాను. అక్కడ ఎక్కడైనా పగిలితే ఆ జతకి ఒకటి చేస్తాను. డైలాగుల్లో ఎప్పుడూ రాని జత ఎంత పాడైనా దాని జోలికి పోను.